కంటి శిబిరాల్లో పనిచేసే తోటివారికి: మన కార్డులో ఎరుపుకు ఒక గడి పెట్టండి

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఊరూరా కంటి శిబిరాలు పెట్టే నిర్వాహకులకు, ఆ శిబిరాల్లో టార్చి పట్టుకుని కూర్చునే నా తోటి ఆప్తాల్మిక్ అసిస్టెంట్లకు,

నమస్కారం.

నేను కర్నూలు జిల్లాలో 22 ఏళ్లుగా ఈ పనే చేస్తున్నాను. మూడేళ్ల కిందట పత్తికొండ దగ్గర ఒక ఊరి బడిలో శిబిరం పెట్టినప్పుడు ఒక మనిషి విషయంలో పొరపాటు చేశాను. అదే పొరపాటు మనందరి చేతుల్లోనూ జరుగుతోందని ఆ తర్వాత అర్థమైంది. అందుకే ఈ ఉత్తరం.

అతనికి 52 ఏళ్లు. టమోటా మండీలో కాయలు ఏరే పని. దోరకాయ ఒక బాక్సులోకి, పండు ఇంకో బాక్సులోకి వెయ్యాలి. దూరం పోయే లారీలో పండు కలిస్తే దారిలోనే సరుకు చెడిపోతుంది, అందుకని ఏరేవాడి కంటి మీదే మండీ నడుస్తుంది. అతను నా ముందు కూర్చుని అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "కండ్లు మసకగా ఉండాయి సామీ. నొప్పి లేదు, నీళ్లు కారవు. దోరకాయేదో పండేదో తెలీడంలే. సేటు రోజూ తిడతాండాడు."

ఆ మాటలో జబ్బు పేరు మొత్తం ఉంది. నేను వినలేదు. మసక అన్నాడు కదా, కాయలు కనబడటం లేదు కాబోలు అనుకుని బోర్డు ముందు నిలబెట్టాను. రెండు కళ్లకూ 6/24. అంటే మంచి చూపున్నవాళ్లు 24 మీటర్ల దూరం నుంచి చదివే అక్షరాన్ని ఇతను 6 మీటర్ల దగ్గరికి వస్తేగానీ చదవలేడు. పిన్‌హోల్ పెట్టాను, ఒక్క వరుస కూడా పెరగలేదు. టార్చి వేసి చూస్తే కటకంలో కాస్త పొగలాగా ఉంది, ఆ వయసులో మన ఎండల్లో పనిచేసే ఎవరికైనా ఉండేదే. వెనక 80 మంది లైన్లో ఉన్నారు. కార్డు మీద "ఇమ్మెచ్యూర్ క్యాటరాక్ట్, 6 నెలల తర్వాత రావాలి" అని రాసి పంపేశాను.

ఐదు నెలలకే భార్య చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకొచ్చింది. మధ్యలో కళ్లద్దాల షాపుల్లో రెండు జతలు కొన్నారు, రెండూ పనికిరాలేదు. చూపు 6/60కి పడిపోయింది. ఆమె చెప్పింది: "నడిచేటప్పుడు దేనికీ తగలడు సార్. సందులో కుక్క పడుకున్నా పక్కకు జరిగి పోతాడు. ఎదురుగా నిలబడిన కొడుకును మాత్రం ఎవరు నువ్వు అంటాడు." మళ్లీ కటకం చూశాను. శుక్లం ఐదు నెలల కిందట ఎంత ఉందో అంతే ఉంది. శుక్లం పెరగలేదు, చూపు మాత్రం సగమైనా మిగల్లేదు. అప్పుడు గానీ నాకు టమోటాలు గుర్తుకు రాలేదు.

అతనికి వచ్చింది ఆప్టిక్ న్యూరోపతీ. కన్ను చూసినదాన్ని మెదడుకు చేరవేసే నరం, తగిన పోషణ అందక, పైగా పొగాకు విషం తగిలి, దెబ్బతినడం. ఇందులో నొప్పి ఉండదు, ఎర్రబడటం ఉండదు. రెండు కళ్లకూ ఇంచుమించు ఒకేసారి, ఒకే మోతాదులో, వారాలూ నెలలూ తీసుకుని వస్తుంది. మొదట పోయేది రంగు. అక్షరాల చూపు ఇంకా ఫరవాలేదు అనుకునే రోజుల్లోనే ఎరుపు వెలిసిపోవడం మొదలవుతుంది.

రంగే ముందు ఎందుకు పోతుందో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే పరీక్ష అంతా దీని మీదే ఆధారపడి ఉంది. కంటి నరంలో దాదాపు 12 లక్షల సన్నటి తీగలు ఉంటాయి. వాటిలో కంటి వెనక తెర నడిమధ్య నుంచి వచ్చే కట్ట ఒకటుంది. మనం దేని మీద దృష్టి నిలుపుతామో దాన్ని, దాని రంగును, దాని సన్నటి గీతలను మోసేది ఈ కట్టే. ఇందులోని తీగలు మిగతావాటికన్నా సన్నవి, పైగా కంటి లోపల ఉన్నంత దూరం వీటికి పై తొడుగు ఉండదు. తొడుగు లేని సన్నటి తీగ పనిచేస్తూ ఉండాలంటే చాలా శక్తి కావాలి. ఆ శక్తిని తయారు చేసేవి కణంలోని మైటోకాండ్రియాలు. బి12 విటమిన్ లేకపోయినా, పొగలోని సైనైడ్ చేరినా, మిథనాల్ నుంచి పుట్టే ఫార్మిక్ ఆమ్లం చేరినా దెబ్బ తగిలేది ఈ శక్తి తయారయ్యే చోటే. దారులు వేరైనా మూడూ చేరేది ఒకచోటికే. అందుకే ముందు మధ్య చూపు, ఎరుపు ఆకుపచ్చల తేడా పోతాయి. పక్క చూపు మిగులుతుంది. కుక్కకు తగలకుండా నడిచి, కొడుకు ముఖం గుర్తుపట్టలేకపోవడం అంటే ఇదే.

ఇప్పుడు మన శిబిరంలో చేసే పరీక్షలు ఒక్కొక్కటీ దీన్ని ఎలా వదిలేస్తాయో చూడండి. బోర్డు చూపు తగ్గిందని మాత్రమే చెబుతుంది, ఎందుకో చెప్పదు. పిన్‌హోల్‌తో చూపు పెరగకపోతే అద్దాల లోపం కాదని తెలుస్తుంది, మనం వెంటనే శుక్లం అనేస్తాం. టార్చిని ఒక కన్ను మీది నుంచి ఇంకో కన్ను మీదికి ఊపుతూ కనుపాప చూస్తాం కదా, నరం జబ్బుకు అది మంచి పరీక్షే, కానీ అది పట్టేది రెండు కళ్ల మధ్య తేడాను. ఇక్కడ రెండూ సమానంగా దెబ్బతింటాయి, తేడా ఉండదు, పరీక్ష నార్మల్ అని వస్తుంది. కంటి లోపల నరం మొన చూసినా మొదటి నెలల్లో చక్కగా గులాబీ రంగులోనే ఉంటుంది. అది కణతల వైపు పాలిపోవడం మొదలయ్యేసరికి కొన్ని తీగలు ఎప్పటికీ తిరిగిరాకుండా పోయి ఉంటాయి. ప్రెషర్ మామూలే. అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి, చూపు మాత్రం పోతూ ఉంటుంది.

దీన్ని పట్టే పరీక్షకు రెండు ఎర్ర మూతలు చాలు. చుక్కల మందు సీసాలకు ఉండే ఎర్రటి ప్లాస్టిక్ మూతలు, రెండూ ఒకే రకం, ఒకే సైజు. మనలో చాలామంది ఒక మూత పట్టుకుని, ఒక్కో కన్ను మూసి, ఏ కంటికి ఎక్కువ ఎర్రగా ఉంది అని అడగడం నేర్చుకున్నాం. ఒక కంటి జబ్బుకు అది సరిపోతుంది. ఈ జబ్బులో రెండు కళ్లకూ ఎరుపు ఒకేలా వెలిసి ఉంటుంది, అందుకని ఆ మనిషి "రెండూ ఒకటే సార్" అంటాడు, మనం సరే అని పంపేస్తాం. ఇక్కడ పోల్చాల్సింది కన్నును కన్నుతో కాదు. ఒకే కంటిలో మధ్య చూపును పక్క చూపుతో పోల్చాలి.

నేను చేసే పద్ధతి ఇది. కనుపాప పెద్దది చేసే మందు వెయ్యకముందే, పగటి వెలుతురులో కూర్చోబెడతాను. దగ్గరి చూపు అద్దాలు ఉంటే పెట్టుకోమంటాను. ఎడమ కన్ను అరచేత్తో మూయించి, అర మీటరు దూరంలో ఒక మూత సరిగ్గా ఎదురుగా పట్టుకుని దాన్నే చూడమంటాను. రెండో మూతను దానికి పక్కన, అతని ముక్కు వైపున, ఓ పది సెంటీమీటర్ల ఎడంగా పట్టుకుంటాను. చెవి వైపున పెట్టకూడదు. ఎందుకంటే అందరికీ పుట్టుకతోనే ఉండే గుడ్డి మచ్చ చెవి వైపే, ఆ దూరంలో ఎదురుగా ఉన్న మూతకు సుమారు 13 సెంటీమీటర్ల పక్కన ఉంటుంది. అక్కడ పెడితే ఆరోగ్యంగా ఉన్నవాడికి కూడా మూత మాయమవుతుంది. పైగా ఈ జబ్బులో చూపు పోయే భాగం మధ్య నుంచి ఆ గుడ్డి మచ్చ వైపే సాగుతుంది, అందుకని బాగున్న ముక్కు వైపుతో పోలిస్తేనే తేడా బయటపడుతుంది. కన్ను పక్కకు తిప్పకుండా ఎదుటి మూతనే చూస్తూ, ఏది ఎక్కువ ఎర్రగా ఉందో చెప్పమంటాను. ఆరోగ్యమైన కంటికి ఎదురుగా ఉన్నదే నిక్కమైన ఎరుపు, పక్కది కాస్త మందంగా ఉంటుంది. నరం జబ్బు ఉన్నవాడు తిరగేసి చెబుతాడు. పక్కది ఎర్రగా ఉంది, ఎదురుగా ఉన్నది ఇటుక రంగులో ఉంది అనో, మట్టి కొట్టినట్టుంది అనో అంటాడు. తర్వాత రెండో కన్ను.

"ఇది ఏం రంగు?" అని మాత్రం అడగకండి. యాభై ఏళ్లు మూతలు, మిరపకాయలు, టమోటాలు చూసిన మనిషికి ఎంత వెలిసినా అది ఎరుపే అని తెలుసు. "ఎరుపు" అనేస్తాడు, మనం టిక్కు పెట్టేస్తాం. ఏది ఎక్కువ ఎరుపు అని అడగండి, ఎంత తక్కువ అని అడగండి. నేను పెద్దవాళ్లను రూపాయి లెక్కలో అడుగుతాను. "పక్కదాన్ని రూపాయి ఎరుపు అనుకో నాయనా, ఎదురుగా ఉన్నది ఎంత?" టమోటాలు ఏరే ఆ మనిషి రెండు కళ్లకూ ఒకటే సమాధానం చెప్పాడు. "పావలా కూడా లేదు సామీ."

అప్పుడు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, శిబిరంలో అడగాల్సినవన్నీ ఐదు నెలలు ఆలస్యంగా అడిగాను. బీడీలు రోజుకు రెండు కట్టలు, చిన్నప్పటి నుంచీ. సాయంత్రం మండీ అయ్యాక క్వార్టర్. పళ్లు ఊడిపోయి మూడేళ్లయింది, అప్పటి నుంచి మాంసం నమలలేక మానేశాడు. ఇంట్లో బర్రె ఉంది గానీ పాలన్నీ కేంద్రానికి పోస్తారు. రెండు పూటలా సంగటి, ఊరిబిండి లేదా పచ్చికారం. మందు తాగిన రోజు అదీ సగమే. భార్య ఇంకో మాట చెప్పింది: "నడుస్తా ఉంటే కాలి చెప్పు జారిపోయినా తెలీదు సార్, వెనక నుంచి నేను పిలిచి చెప్తా." కాళ్లలో స్పర్శ పోతోందన్నమాట. నాలుక చూశాను, నున్నగా ఎర్రగా ఉంది. కారం తగిలితే మంట అన్నాడు.

రాగి సంగటి, జొన్నరొట్టె, వేరుశనగ మంచి తిండి. నేను కూడా అదే తిని పెరిగాను. కానీ బి12 ఏ ధాన్యంలోనూ, ఏ ఆకుకూరలోనూ ఉండదు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసం, వీటిలోనే ఉంటుంది. రోజుకు కావాల్సింది రెండు మైక్రోగ్రాములకు కాస్త ఎక్కువ, అంతే. కాలేయంలో ఏళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది. అందుకే మానేసిన వెంటనే ఏమీ కాదు, మూడు నాలుగేళ్లకు బయటపడుతుంది. అప్పటికి ఎప్పుడు మానేశామో కూడా మనిషికి గుర్తుండదు. తిండి బాగున్నా ఒంటికి పట్టని వాళ్లు కూడా ఉన్నారు. షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లు, గ్యాస్ బిళ్లలు రోజూ మింగేవాళ్లు, కడుపు ఆపరేషన్ అయినవాళ్లు. మన శిబిరాలకు వచ్చే షుగరు పేషెంట్లలో చూపు తగ్గితే మనం నేరుగా రెటీనా వైపే చూస్తాం. ఎరుపు కూడా అడగండి.

అతన్ని మా మెడికల్ ఆఫీసర్ దగ్గరికి పంపాను. ముందు రక్తం తీశారు, తర్వాతే సూది వేశారు. ఈ వరుస ముఖ్యం. మన పల్లెల్లో నీరసం అంటే చాలు, ఆర్‌ఎంపీ దగ్గర బలం సూది వేయించుకుంటారు. ఆ ఎర్ర మందులో ఉండేది చాలాసార్లు బి12 విటమినే. రెండు సూదులు పడ్డాక రక్తం తీస్తే బి12 అంకె చక్కగా నార్మల్‌లో వస్తుంది, నరం మాత్రం ఆకలితోనే ఉంటుంది. కాబట్టి బలం సూది ఎప్పుడు వేయించుకున్నావు అని అడిగి చీటీ మీద రాయండి. అంకె బాగుండి అనుమానం తీరకపోతే హోమోసిస్టీన్ పరీక్ష చేయించాలా అనేది డాక్టర్లు చూసుకుంటారు. ఇతను అదృష్టవశాత్తూ ఏ సూదీ వేయించుకోలేదు. బి12 మిల్లీలీటరుకు 118 పికోగ్రాములు వచ్చింది, 200 కన్నా తక్కువైతే లోపమే. ఎర్ర రక్తకణాల సైజు 104, ఉండాల్సిన దానికన్నా పెద్దవి. హిమోగ్లోబిన్ 10.9. ఇది కూడా గుర్తుపెట్టుకోండి, రక్తం బాగున్నంత మాత్రాన నరం బాగున్నట్టు కాదు. రక్తహీనత రాకముందే నరం దెబ్బతిన్న వాళ్లు ఉంటారు.

అక్కడి నుంచి కర్నూలులో కంటి డాక్టరు దగ్గరికి. ఫీల్డ్ పరీక్షలో రెండు కళ్లకూ మధ్య నుంచి గుడ్డి మచ్చ దాకా ఒకే ఆకారంలో మచ్చ వచ్చింది. నరం మొన కణతల వైపు కొద్దిగా పాలిపోయింది. తలకు స్కాన్ తీశారు, గడ్డలు ఏమీ లేవు. 1000 మైక్రోగ్రాముల సూది రెండు వారాలు రోజు మార్చి రోజు, తర్వాత వారానికి ఒకటి, ఆ పైన నెలకు ఒకటి. దానితోపాటు థయమిన్. ఫోలిక్ ఆమ్లం బిళ్లను బి12 మొదలయ్యాకే ఇచ్చారు. ఒంట్లో బి12 లేనప్పుడు ఫోలిక్ ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడుతుంది, నరాలు ఇంకా దెబ్బతింటాయి. రక్తహీనత అని ఫోలిక్ బిళ్లలు పంచేటప్పుడు ఇది మనసులో ఉంచుకోవాలి.

సూది గురించి ఒక విషయం. పొగాకు పొగలో సైనైడ్ ఉంటుంది. హైడ్రాక్సోకోబాలమిన్ అనే రకం బి12 ఆ సైనైడ్‌ను తనకు తగిలించుకుని మూత్రంలోకి పంపేస్తుంది. సయనోకోబాలమిన్‌లో అప్పటికే సైనైడ్ తగిలి ఉంటుంది, కాబట్టి అది ఆ పని చెయ్యలేదు. పొగతాగేవాళ్లకు మొదటి రకమే మేలని అందుకే అంటారు. మన మెడికల్ షాపుల్లో ఎక్కువగా దొరికేది మిథైల్‌కోబాలమిన్. ఏది వాడాలో రాసేది డాక్టరు, మనం కాదు. కానీ బీడీ మానకుండా ఏ సూది వేసినా సగం ఫలితమే అని ఆ ఇంటివాళ్లకు చెప్పాల్సింది మనం. చుట్టలు కాల్చేవాళ్లకు, నశ్యం పీల్చేవాళ్లకు, గుట్కా నమిలేవాళ్లకు కూడా ఇదే మాట.

పొగాకు ఒక్కటే ఈ జబ్బు తెస్తుందా అంటే, తిండి బాగా తినేవాళ్లలో అలా రావడం చాలా అరుదు. ఎప్పటి నుంచో దీన్ని పొగాకు సారా మసక అని కలిపే పిలిచేవారు. ఇప్పుడు కంటి డాక్టర్లు చాలామంది అసలు లోపం పోషణదే, పొగాకు దాని మీద పడే రెండో దెబ్బ అంటారు. దీనికి పెద్ద రుజువు క్యూబా. సోవియట్ యూనియన్ కూలిపోయాక ఆ దేశానికి తిండి దిగుమతులు ఆగిపోయాయి. 1991 చివరి నుంచి 1993 దాకా అక్కడ 50 వేల మందికి పైగా నరాల జబ్బు వచ్చింది, వాళ్లలో సగానికి కంటి నరం దెబ్బతింది. జబ్బు మొదట కనిపించింది పొగాకు పండించే పినార్ దెల్ రియో ప్రాంతంలో. చుట్టలు కాల్చేవాళ్లకు, పూటలు తప్పించి తినేవాళ్లకు ఎక్కువగా వచ్చింది. 1993లో దేశమంతా బి విటమిన్ల బిళ్లలు పంచారు, కొత్త కేసులు తగ్గిపోయాయి. కరువు ఏళ్లలో మన సీమలో ఏం తిన్నామో, ఎవరు పూట మానేశారో తెలిసినవాళ్లం మనం. ఆ క్యూబా లెక్క చదివినప్పుడు నాకు మన ఊళ్లే కళ్లముందు మెదిలాయి.

మిథనాల్ మాటకు వస్తే, అది శిబిరం దాకా ఆగే విషయం కాదు. కల్తీ సారా, థిన్నర్, ఏ స్పిరిట్ కలిపారో తెలియని శానిటైజర్, వీటిలో అది ఉండొచ్చు. 2020లో మన పక్కనే ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి జనం చనిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మిథనాల్ తాగిన వెంటనే మామూలు మత్తే. 12 నుంచి 24 గంటల తర్వాత కాలేయం దాన్ని ఫార్మిక్ ఆమ్లంగా మార్చాక తలనొప్పి, వాంతులు, కడుపునొప్పి, వేగంగా ఊపిరి తీసుకోవడం, కళ్ల ముందు తెల్లటి మంచు కమ్మినట్టు కనబడటం మొదలవుతాయి. మామూలు మందుతో కలిపి తాగి ఉంటే ఇంకా ఆలస్యం అవుతుంది. అలాంటి ఫోన్ వస్తే కళ్లు చూస్తాను రమ్మనకండి. డయాలసిస్ ఉన్న పెద్దాసుపత్రికి 108లో వెంటనే పంపండి, కలిసి తాగినవాళ్లలో బాగున్నట్టు కనిపించేవాళ్లను కూడా పంపండి. బి12 లోపంలో మనకు వారాలు ఉంటాయి, ఇక్కడ గంటలే.

ఎర్ర మూత ఎక్కడ తప్పు చెబుతుందో కూడా చెప్పాలి. కొందరు మగవాళ్లకు పుట్టుకతోనే ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియదు. వాళ్ల చూపు 6/6 ఉంటుంది, చిన్నప్పటి నుంచీ అంతే అని ఇంట్లో వాళ్లే చెబుతారు. అసలు తేడా అదే: ఎప్పటి నుంచి అని అడగాలి. ముదిరిన శుక్లం రంగులను పసుపుగా మారుస్తుంది, కానీ అది ఎక్కువగా మింగేది నీలాన్ని, పైగా మధ్యలోనూ పక్కనా ఒకేలా ఉంటుంది. తెర నడిమధ్య జబ్బు ఉన్నవాళ్లకు కూడా ఎదుటి మూత మందంగా కనబడొచ్చు. వాళ్లకు గడప, తలుపు అంచు వంకరగా కనిపిస్తాయి, కంటి లోపల చూస్తే మచ్చ దొరుకుతుంది. ఒక కన్ను బాగా తగ్గి రెండోది బాగుంటే, లేదా రెండు కళ్లలోనూ నిలువు గీత గీసినట్టు ఒక పక్కే పోయి ఉంటే, అది పోషణ లోపం కాదనే అనుకోండి. అక్కడ నరాన్ని గడ్డ నొక్కుతూ ఉండొచ్చు, బి12 సూదులు వేస్తూ కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఇరవైలలో ఉన్న కుర్రాడికి ఒక కన్ను, కొన్ని వారాలకు రెండోది పోతే తల్లి వైపు నుంచి వచ్చే లెబర్ జబ్బు కావచ్చు. టీబీ మందులు వాడేవాళ్లకు ఎథాంబుటాల్ వల్ల కూడా ఇలాగే ఎరుపు పోతుంది. వాళ్ల మందుల అట్ట చూసి, ఆ రోజే టీబీ డాక్టరుకు ఫోన్ చెయ్యాలి.

మూతతో అనుమానం వచ్చిన వాళ్లకు ఇషిహారా పుస్తకం పెట్టండి, మన దగ్గర చాలాచోట్ల బీరువాలో ఉంటుంది. 75 సెంటీమీటర్ల దూరం, ఒక్కో కన్ను విడివిడిగా. అంకెలు రానివాళ్లకు చివర్లో వేలితో గీత వెంట పోయే పేజీలు ఉన్నాయి. మొదటి పేజీలోని 12 రంగు తెలియనివాళ్లకు కూడా కనబడుతుంది. అది కూడా చదవలేకపోతే చూపే బాగా తక్కువని, ఆ పుస్తకం ఇక పనికిరాదని అర్థం. ఎన్ని పేజీలు చదివాడో రాసి ఉంచితే మందు పనిచేస్తోందో లేదో తర్వాత తెలుస్తుంది.

టమోటాలు ఏరే మనిషికి ఆరు వారాలకు 6/36 అయింది. నాలుగు నెలలకు 6/18. బీడీ మానడానికి రెండుసార్లు ప్రయత్నించాడు, మూడోసారి మానేశాడు. భార్య కేంద్రానికి పోసే పాలలో అర లీటరు ఇంట్లో ఉంచడం మొదలుపెట్టింది, రోజూ గుడ్డు ఉడకబెట్టి సంగటిలో నలిపి పెట్టేది. ఏడాదికి కుడి కన్ను 6/12, ఎడమ కన్ను 6/18. అక్కడితో ఆగిపోయింది. మళ్లీ మూతలు పట్టుకుని అడిగితే కుడి కంటికి "ముప్పావలా" అన్నాడు, ఎడమ కంటికి "అర్ధరూపాయికి కాస్త ఎక్కువ". కొడుకు ముఖం తెలుస్తోంది. దోరకాయకూ పండుకూ తేడా మాత్రం మండీ వేగానికి సరిపడా తెలియదు, ఇప్పుడు బాక్సులు లెక్కపెట్టే పని చేస్తున్నాడు, కూలి తక్కువ. శిబిరంలో ఆ మొదటి రోజు, చూపు 6/24 ఉన్నప్పుడు, నరం మొన పాలిపోకముందే నేను రెండు మూతలు పట్టుకుని ఉంటే ఇంకా ఎక్కువ మిగిలేది.

కాబట్టి నిర్వాహకులను నేను అడిగేది ఇది. శిబిరం కార్డులో చూపు, పిన్‌హోల్, శుక్లం, ప్రెషర్ అని గడులు ఉన్నాయి. పిన్‌హోల్ పక్కన "ఎరుపు" అని ఒక గడి అచ్చు వేయించండి, కుడికి ఒకటి, ఎడమకు ఒకటి. పిన్‌హోల్‌తో చూపు పెరిగినవాళ్లకు అది ఖాళీగా ఉన్నా ఫరవాలేదు. పెరగనివాళ్ల కార్డు మాత్రం ఆ గడి నింపకుండా మందు చుక్కల టేబుల్ దగ్గరికి పోకూడదు. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు పడుతుంది, శిబిరంలో అలాంటివాళ్లు కొద్దిమందే ఉంటారు. కార్డు వెనక నాలుగు మాటలకు చోటు ఉంచండి: పొగాకు, సారా, పాలు గుడ్లు మాంసం, వాడే మందులు. మూతలో తేడా కనబడితే "6 నెలల తర్వాత" అని రాయకుండా, అదే వారంలో బి12 రక్తపరీక్షకూ కంటి డాక్టరుకూ చీటీ ఇవ్వండి. రక్తం తీసేదాకా బలం సూది వేయించుకోవద్దని ఆ చీటీ మీదే రాయండి. పరీక్షకు డబ్బు కట్టలేనివాళ్లకు శిబిరం ఖర్చులోంచే ఇవ్వండి. భోజనాల మీద, ఫ్లెక్సీల మీద పెట్టే ఖర్చులో కొంత తగ్గించినా సరిపోతుంది.

తోటి అసిస్టెంట్లకు ఇంకొక్క మాట. కుట్టుపని చేసే ఆవిడ దారం రంగు తప్పుతోందన్నా, ధర్మవరం మగ్గం మీద పనిచేసే మనిషి పోగు కలవడం లేదన్నా, మిరప కళ్లంలో తాలుకాయ ఏరలేకపోతున్నానని ఒక అమ్మ చెప్పినా, చూపు ఎంతుందో కొలిచే ముందు ఆ మాటను వాళ్లు చెప్పినట్టే కార్డు మీద రాసుకోండి. నా చేతి సంచిలో రెండు మూతలు దారంతో కట్టి ఉంటాయి. పత్తికొండ, ఆలూరు, గుత్తి వైపు శిబిరాలకు నేను వస్తూనే ఉంటాను. ఎలా పట్టుకోవాలో చూడాలనుకున్నవాళ్లు శిబిరానికి అరగంట ముందు వస్తే కూర్చుని చూపిస్తాను.

ఇట్లు,
మీలో ఒకడు,
ఆప్తాల్మిక్ అసిస్టెంట్, కర్నూలు జిల్లా